పాడ్‌కాస్ట్ గొంతు వెంటే మన గొంతు: ఫ్రెంచ్ షాడోయింగ్‌లో నా అనుభవం

మధ్యస్థాయి ఫ్రెంచ్ పరీక్ష బీ1 పాసయ్యాక కూడా ఫ్రెంచ్ వాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే నాకు సగం మాటలు అందేవి కావు. అవే మాటలు రాసి ఇస్తే దాదాపు అన్నీ తెలిసినవే. నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను, మా టీమ్‌లో కొందరు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంటారు. కాల్‌లో నాతో మాట్లాడేటప్పుడు వాళ్లు నిదానంగా, మాటకీ మాటకీ మధ్య ఎడం ఇచ్చి మాట్లాడతారు. వాళ్లలో వాళ్లు మొదలుపెట్టగానే నేను వెనకబడిపోయేదాన్ని. కొత్త పదాలు నేర్చుకుంటే ఇది తీరదని త్వరగానే అర్థమైంది. అక్కడ తెలియని పదాలు చాలా తక్కువ. తెలిసిన పదాలే చెవికి తెలియడం లేదు.

దీనికి నాకు బాగా పనికొచ్చిన సాధన షాడోయింగ్. పాడ్‌కాస్ట్‌లోంచి ఒక చిన్న ముక్క తీసుకుని, అందులో మాట్లాడే మనిషి వెంటే, ఆడియో ఆపకుండా, ఇంచుమించు అర సెకను వెనకగా అవే మాటలు పైకి అనాలి. విని, ఆపి, ఆ తర్వాత అనడం వేరు. అలా ఆపితే మనం వాక్యాన్ని గుర్తుంచుకుని మన సొంత లయలోనే తిరిగి అంటాం. ఆడియో నడుస్తూనే ఉంటే మన లయకు చోటు దొరకదు, వాళ్ల లయలోకే వెళ్లాలి. ఏకకాలంలో అనువదించే దుబాసీల శిక్షణలో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. భాషలు సొంతంగా నేర్చుకునేవాళ్లలోకి దీన్ని తెచ్చినవాళ్లలో అమెరికన్ బహుభాషావేత్త అలెగ్జాండర్ ఆర్గ్యుయెల్లెస్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన బయట వేగంగా నడుస్తూ, గట్టిగా అంటూ చేయమంటారు. నేను మొదట్లో కూర్చునే చేశాను, ఎందుకంటే చేతిలో కాగితం, పెన్సిల్ అవసరమయ్యాయి.

సాధన గురించి చెప్పేముందు అసలు ఎందుకు వినిపించదో చెప్పాలి, లేకపోతే ఏం వినాలో తెలియకుండానే వెంటపడి అనేస్తాం. ఫ్రెంచ్ వాళ్లు చాలా వేగంగా మాట్లాడతారని అందరం అంటాం. లియాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని భాషల్లో ఒకే పాఠాలను చదివించి, సెకనుకు ఎన్ని అక్షరాలు పలుకుతున్నారో కొలిచి 2011లో ప్రచురించారు. ఇక్కడ అక్షరం అంటే రాసేది కాదు, నోటితో ఒక్క దెబ్బలో పలికేది. ఫ్రెంచ్‌లో సగటున 7కి కాస్త పైన, ఇంగ్లిష్‌లో 6కి కాస్త పైన వచ్చాయి. తేడా సెకనుకు ఒక అక్షరమే. ఆ ఒక్క అక్షరం వల్లే మొత్తం వాక్యం చేజారిపోదు. అసలు కారణం, పుస్తకంలో మనం నేర్చుకున్న అక్షరాలు నోట్లో కొన్ని మాయమైపోవడం, మిగిలినవి ఒకదానికొకటి అతుక్కుపోవడం.

ఒక వాక్యం తీసుకుని చూద్దాం. మాటల మధ్యలో ఎవరైనా అనే మామూలు వాక్యమే: అది సాధ్యం కాదనుకునేవాళ్లు ఉన్నారు, కానీ నేను ఒప్పుకోను. పుస్తకంలో దీన్ని రాసినట్టే చదివితే ఇలా ఉంటుంది: ఇల్ యా దే జాఁ కి పాఁస్ క్ స్ నే పా పోసీబ్ల్, మే మ్వా జ్ న్ స్వి పా దకోర్. ఇక్కడ అరసున్న పెట్టిన చోట ముక్కుతో పలకాలి, న్ గానీ మ్ గానీ రాకూడదు. జ అన్నచోట నాలుక అంగిలిని తాకకుండా గాలి రాసుకుంటూ పోవాలి. నేను విడి పొల్లు అక్షరాలుగా రాసిన క్, స్, జ్, న్‌ల వెనక నిదానంగా చదివేటప్పుడు పెదాలు గుండ్రం చేసి పలికే ఒక పొట్టి అచ్చు ఉంటుంది. దాన్ని కూడా లెక్కేసుకుంటూ పోతే ఈ వాక్యంలో 20 అక్షరాలు వస్తాయి.

ఇప్పుడు ఇదే వాక్యం కబుర్లలో ఎలా వస్తుందో చూడండి: యా దే జాఁ కి పాఁస్, క్సే పా పోసీబ్, మే మ్వా, ష్వి పా దకోర్. మొదటి ఇల్ పోయింది. కాదు అని చెప్పే జంటలో మొదటి ముక్క న్ రెండు చోట్లా పోయింది, పా ఒక్కటే మిగిలింది. పోసీబ్ల్ చివరి ల్ పోయింది. అన్నిటికంటే చెవిని బోల్తా కొట్టించేది జ్ స్వి. మధ్య అచ్చు పోగానే జ్, స్ పక్కపక్కకు వచ్చి ష్ అయిపోయి, ష్వి అనే ఒకే దెబ్బగా మారింది. ఇప్పుడు లెక్కపెడితే 15 అక్షరాలే. సెకనుకు 7 చొప్పున రెండు సెకన్లలో అయిపోతుంది. మన చెవి 20 అక్షరాల కోసం కాచుకుని ఉంటుంది, 15 వచ్చి వెళ్లిపోతాయి. అందుకే వేగంగా ఉందనిపిస్తుంది.

రెండో విషయం లయ. ఇంగ్లిష్‌లో ప్రతి ముఖ్యమైన పదంలో ఒక చోట ఊనిక ఉంటుంది. ఫ్రెంచ్‌లో పదానికి ఊనిక ఉండదు, పదాల గుంపుకు ఉంటుంది. ఆ గుంపులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా నడిచి, చివరి అక్షరం మాత్రం కాస్త సాగుతుంది. పై వాక్యంలో నాలుగు గుంపులున్నాయి. మొదటిదానిలో పాఁస్, రెండోదానిలో సీబ్, మూడోదానిలో మ్వా, నాలుగోదానిలో కోర్ సాగుతాయి. మిగిలినవేవీ సాగకూడదు. తెలుగులో హ్రస్వమా దీర్ఘమా అన్నది పదం అర్థాన్నే మార్చేస్తుంది కాబట్టి పొడవు అచ్చు కనబడితే మనం ఎక్కడైనా సాగదీస్తాం. అక్కడే మన ఫ్రెంచ్ తెలుగు నడకలో పడుతుంది. ఈ ముక్క నాకు మా టీచర్ ఒకే మాటలో చెప్పారు. "పదాలు వినకండి, గుంపు చివర వినండి" అన్నారు. తరగతిలో అది సలహాలా వినిపించింది, షాడోయింగ్ చేస్తుంటేనే దాని పని తెలిసింది.

ఇంకో సంగతి మనకు అనుకూలంగా ఉంది. ఫ్రెంచ్‌లో హల్లుతో ముగిసిన పదం తర్వాత అచ్చుతో మొదలయ్యే పదం వస్తే, ఆ హల్లు తర్వాతి పదంలోకి దూకుతుంది. ఆమెతో అనడానికి అవెక్, ఎల్ అనే రెండు పదాలు కలిసి అ-వె-కెల్ అవుతాయి. వాడు ఎక్కడ అన్నది వాడెక్కడ అయ్యే భాషలో పుట్టినవాళ్లకు ఇది కష్టమైన విషయం కాదు. కానీ బడిలో ఇంగ్లిష్ చదివిన అలవాటుతో ఫ్రెంచ్‌ని కూడా పదం పదంగా విడదీసి పలుకుతాం. సంధి చేసుకోవచ్చని ధైర్యంగా అనుకుంటే నోరు తేలికపడుతుంది. త, ద, ప, క కూడా అంతే. ఫ్రెంచ్‌లో త మన త లాగే పళ్ల దగ్గర పలుకుతారు, ఇంగ్లిష్ ద్వారా అలవాటైన ట కాదు. తాబ్ల్ అన్న పదాన్ని టేబుల్ గుర్తొచ్చి టాబ్ల్ అంటే వెంటనే విదేశీ వాసన వస్తుంది.

ఇక ముక్క ఎంచుకోవడం. దీనికి నేను చాలా సమయం పెడతాను, ఎందుకంటే ముక్క సరిగ్గా లేకపోతే తర్వాత చేసిన పనంతా వృథా. మొదట వాడింది ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వాళ్ల రోజువారీ వార్తల పాడ్‌కాస్ట్. వెతకడానికి టైప్ చేయాల్సిన పేరు Journal en français facile. రోజుకు 10 నిమిషాలు ఉంటుంది, వాళ్ల సైట్‌లో పూర్తి పాఠం కూడా ఉంటుంది. పేరులో తేలిక అని ఉన్నా వేగం బాగా తగ్గించి చదవరు. సందర్భాన్ని విడమరిచి చెప్పడంలోనే ఆ తేలిక ఉంది. షాడోయింగ్‌కి నాకు కావలసింది అదే.

అందులో 10 నిమిషాలూ తీసుకోకూడదు. 20 నుంచి 40 సెకన్లు చాలు. ఒకే మనిషి గొంతు ఉండాలి, వెనక సంగీతం ఉండకూడదు, ఫోన్‌లో మాట్లాడుతున్న విలేకరి గొంతు అయితే వద్దు, ఎందుకంటే ఆ లైన్‌లో స్, ష్, ఫ్ లాంటి హల్లుల తేడా సరిగ్గా తెలియదు. పాఠం చదివితే రెండు మూడు పదాలు తప్ప అన్నీ తెలిసినవై ఉండాలి. తెలియని పదాలు ఎక్కువుంటే మనసు అర్థం వెంట పడుతుంది, చెవి లయను వదిలేస్తుంది. అర్థం ముందే తెలిసిన ముక్కనే నోటికి ఇవ్వాలి.

ముక్క కత్తిరించడానికి నేను కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ వాడతాను. కావలసిన భాగాన్ని మౌస్‌తో ఎంచుకుని, విడి ఫైల్‌గా దాచుకుంటాను. కత్తిరించే ఓపిక లేనివాళ్లకు వీఎల్‌సీ చాలు. అందులో ఒక చోటు నుంచి మరో చోటు దాకా పదేపదే వినిపించే ఏర్పాటు ఉంది, `[` నొక్కితే వేగం తగ్గుతుంది, `]` నొక్కితే పెరుగుతుంది. ముక్క మొదట్లో ఒక సెకను ఖాళీ ఉంచుకోవాలి. లేకపోతే మళ్లీ మొదలైన ప్రతిసారీ మొదటి రెండు అక్షరాలు మన చేతికి చిక్కవు.

ఇయర్‌ఫోన్ల గురించి ఒక మాట. వైర్ ఉన్నవి మంచివి. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో వింటూ దాని మైక్‌తోనే రికార్డ్ చేస్తే, మైక్ మొదలవగానే చాలా హెడ్‌సెట్లలో శబ్దం నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. మనం పట్టుకోవాల్సిన సన్నని హల్లులే అప్పుడు మసకబారతాయి. నేను ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. రెండో చెవికి నా గొంతు వినిపించాలి. రెండు చెవులూ మూసుకుంటే నేను ఏమంటున్నానో నాకే తెలియదు, అన్నీ సరిగ్గా అంటున్నాననే అనిపిస్తుంది.

మొదట పాఠం చూడకుండా రెండు మూడుసార్లు వింటాను. అర్థమైంది ఒక వాక్యంలో తెలుగులోనే రాసుకుంటాను. తర్వాత పాఠం ముందు పెట్టుకుని మళ్లీ వింటూ పెన్సిల్‌తో గుర్తులు పెడతాను. గొంతు సాగిన చోట నిలువు గీత, అంటే అక్కడ గుంపు ముగిసింది. రాసి ఉండి కూడా వినిపించని అక్షరాన్ని కొట్టేస్తాను. ఒక పదం చివరి హల్లు తర్వాతి పదంలోకి దూకిన చోట కింద వంకర గీత. ఈ గుర్తులు వ్యాకరణం చూసి పెట్టకూడదు, చెవితో విని పెట్టాలి. కామా ఉన్నచోటల్లా గుంపు ముగియదు, కామా లేని చోట కూడా ముగియవచ్చు. నా ముక్కల్లో కామాలకూ గీతలకూ చాలాసార్లు పొంతన ఉండదు, ఆ పొంతన లేని చోట్లే నా చెవి అంతకుముందు తడబడిన చోట్లు.

ఎక్కడ అక్షరం మాయమైందో తేలకపోతే వేగం 75 శాతానికి తగ్గించి వింటాను. ఆడాసిటీలో Change Tempo వాడితే స్వరం మారకుండా వేగం ఒక్కటే తగ్గుతుంది. కానీ తగ్గించిన వేగంలో ఎక్కువసేపు షాడోయింగ్ చేయను. వేగం తగ్గించినంత మాత్రాన పోయిన అక్షరాలు తిరిగి రావు. ష్వి ష్విగానే ఉంటుంది, కాకపోతే సాగినట్టు వినిపిస్తుంది. పైగా సమానంగా నడవాల్సిన అక్షరాలన్నీ పొడవైపోయి గుంపు చివర ప్రత్యేకంగా తెలియదు. నెమ్మదించిన ఆడియో వెతుక్కోవడానికే, నోరు తిప్పడానికి కాదు. అసలు వేగం మరీ అందకపోతే 90 శాతం దాకా తగ్గించి చేయొచ్చు, అంతకంటే కిందకు వెళ్లాల్సి వస్తే ఆ ముక్క ఇంకా నాకు కాదని పక్కన పెడతాను.

తర్వాత వచ్చే మెట్టును చాలామంది వదిలేస్తారు. నా అభిప్రాయంలో లయ మొత్తం ఇక్కడే పట్టుబడుతుంది. మాటలు అనకుండా, నోరు మూసుకుని, ఆడియో వెంటే కూనిరాగం తీస్తాను. సంగీతం క్లాసులో సాహిత్యం అందుకోకముందు స్వరం పట్టుకున్నట్టు. పై వాక్యం అయితే ద-ద-ద-ద-దా, ద-ద-ద-దా, ద-దా, ద-ద-ద-దా. గొంతు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ కిందకు దిగింది అన్నది కూడా ఇందులోనే తెలుస్తుంది. ఫ్రెంచ్‌లో వాక్యం ఇంకా ఉందంటే గుంపు చివర గొంతు పైకి లేస్తుంది, వాక్యం అయిపోతే కిందకు దిగుతుంది. ఇక్కడ పాఁస్, సీబ్, మ్వా దగ్గర పైకి, చివరి కోర్ దగ్గర కిందకు. తెలుగులో చెప్పుకుంటూ పోయేటప్పుడు మనం ప్రతి ముక్క చివరా గొంతు దించేసే అలవాటుంటే, అవతలి ఫ్రెంచ్ మనిషికి మన వాక్యం అక్కడే అయిపోయిందనిపిస్తుంది. మధ్యలో అందుకుంటారు. కాల్‌లో నా వాక్యాలు పూర్తికాకుండానే వేరేవాళ్లు మొదలుపెట్టడానికి ఇదొక కారణమని ఈ కూనిరాగం వల్లే నాకు తెలిసింది.

కూనిరాగం ఆడియోతో కలిసి నడిచాక పాఠం చూస్తూ పైకి అంటాను. గొంతు మామూలుగా మాట్లాడేంత ఉండాలి, గొణగకూడదు. కష్టమైన గుంపు ఒకటి ఉండనే ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని చివరి నుంచి వెనక్కి కట్టుకుంటూ వస్తాను. ష్వి పా దకోర్ అందకపోతే ముందు కోర్, తర్వాత దకోర్, తర్వాత పా దకోర్, చివరగా ష్వి పా దకోర్. ముందు నుంచి కడితే ప్రతి అక్షరం దగ్గరా ఆగుతూ వెళ్లి చివరికి ఊపిరి అయిపోతుంది. చివరి నుంచి కడితే సాగాల్సిన అక్షరం ఎప్పుడూ దాని స్థానంలోనే ఉంటుంది, మిగిలినవి దాని వైపు పరిగెడతాయి.

ఆ తర్వాతే పాఠం తిరగేసి, చెవి ఒక్కదానితో అసలు షాడోయింగ్. ఇక్కడ ఎంత వెనక ఉంటున్నామన్నది గమనించాలి. ఒక గుంపు మొత్తం వెనక పడితే వినడం ఆగిపోయి గుర్తుంచుకోవడం మొదలైందని అర్థం. ఆడియోతో సరిగ్గా ఒకేసారి అంటున్నామంటే, లేదా దానికంటే ముందే అనేస్తున్నామంటే, ముక్క కంఠస్థం అయిపోయింది. అప్పుడు నోటికి సాధన జరుగుతుంది కానీ చెవికి పనిలేదు. నోరు నేను చెప్పేది చెబుతుంటే చెవి నిద్రపోతుంది. ఈ గుర్తు కనపడగానే నేను ఆ ముక్క ఆపేసి కొత్తది తీసుకుంటాను. ఒక ముక్కను నెలంతా పట్టుకుని పరిపూర్ణం చేయాలనే ఆలోచన వినే వేగానికి అడ్డు. పాతదాన్ని వారం తర్వాత ఒకసారి తిరిగి అందుకుంటే చాలు.

ఒక్కో పూట ఈ మొత్తం పనికి పావుగంట నుంచి 20 నిమిషాలు పడుతుంది. అంతకంటే ఎక్కువసేపు చేస్తే నోటి కండరాలు అలసి, అక్షరాలు మళ్లీ తెలుగు అచ్చుల్లోకి జారతాయి. ముఖ్యంగా పెదాలు గుండ్రం చేసి లోపల ఈ పలికే అచ్చు. నువ్వు అనడానికి వాడే చిన్న పదంలో ఉన్నది అదే. అలసిన నోటికి అది తూ అయిపోతుంది. తూ అంటే ఫ్రెంచ్‌లో అంతా, మొత్తం అనే వేరే పదం. ఆ అచ్చు జారడం మొదలవగానే ఆ పూటకు ఆపేస్తాను.

ఇప్పుడు రికార్డింగ్. ఇది లేకుండా షాడోయింగ్ చేస్తే మనం ఏం మార్చుకోవాలో ఎవరూ చెప్పరు. ఒక ఫోన్‌లో ఇయర్‌ఫోన్‌తో వింటూ రెండో ఫోన్‌లో నా గొంతు ఒక్కటే రికార్డ్ చేస్తాను. తర్వాత ఇద్దరివీ ఒకే వాక్యం పక్కపక్కన వింటాను. అన్నీ ఒకేసారి వెతకను. ఒకసారి గుంపు చివరలు మాత్రమే, మరోసారి పదాల చివరలు మాత్రమే.

పదాల చివరలో నాకు, నాతో కలిసి సాధన చేసిన తెలుగు స్నేహితురాలికి ఒకటే కనిపించింది. హల్లుతో ముగిసే పదం చివర సన్నగా ఒక ఉ వచ్చి చేరుతోంది. అవెక్ అన్నది అవెక్కు అయ్యేది, క వత్తి పలకడంతో సహా. అచ్చుతో ముగియడం తెలుగు పదం సహజ గుణం, బస్‌ని బస్సు చేసుకున్న నోరు ఇది. ఫ్రెంచ్‌లో దీనివల్ల రెండు నష్టాలు. హల్లుతో ముగిసిన ప్రతి చోటా లేని అక్షరం ఒకటి వచ్చి చేరి, పైన చూసిన 15 అక్షరాల వాక్యం 18కి పోతుంది, వెంట పరిగెత్తలేం. ఇంకోటి, హల్లు తర్వాతి పదంలోకి దూకాల్సిన దారి ఆ ఉతో మూసుకుపోతుంది. ఆమె నాతో, "చివర ఆపకుండా తర్వాతి పదంలోకి తోసెయ్ అక్కా, ఉ రావడానికి టైమే ఉండదు" అంది. చేసి చూస్తే అలాగే ఉంది. పదం చివర శుభ్రంగా ఆపాలని చూస్తే ఉ వస్తుంది, తర్వాతి అచ్చు మీదికి నెట్టేస్తే రాదు. వాక్యం చివరి పదానికి మాత్రం వేరే ఉపాయం కావాలి. అక్కడ హల్లు పలికాక నోటిని అదే స్థితిలో అర సెకను అలాగే పట్టి ఉంచుతాను.

వార్తల పాడ్‌కాస్ట్‌తో కొన్ని వారాలు గడిచాక ఒక హద్దు కనిపించింది. వార్తలు చదివేవాళ్లు ముఖ్యమైన పదం మొదటి అక్షరాన్ని కూడా గట్టిగా నొక్కుతారు. అది వార్తల శైలి. అదే లయ పట్టుకుని కాల్‌లో మాట్లాడితే వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. మా లియాన్ సహోద్యోగి ఒకరు నవ్వుతూ, చాలా స్పష్టంగా మాట్లాడుతున్నారు, టీవీలోలా ఉంది అన్నారు. పైగా వార్తల్లో కాదనే జంటలో మొదటి ముక్క న్ చాలావరకు ఉంటుంది, ష్వి లాంటి కుదింపులు తక్కువ. చెవికి అసలు కావలసిన శిక్షణ కబుర్లలోనే ఉంది.

అందుకని ఒక్క మనిషి శ్రోతలతో మాట్లాడినట్టు సాగే పాడ్‌కాస్ట్‌లకు మారాను. మధ్యస్థాయి విద్యార్థుల కోసం చేసే innerFrench ఇలాంటిదే, దానికీ లిఖిత పాఠాలు ఉన్నాయి. అందులో మాట కాస్త నిదానంగా, స్పష్టంగా ఉంటుంది కాబట్టి వార్తల నుంచి కబుర్లకు వెళ్లే దారిలో మంచి మజిలీ. ఆ తర్వాత ఫ్రెంచ్ వాళ్ల కోసం ఫ్రెంచ్ వాళ్లే చేసే ఇంటర్వ్యూ పాడ్‌కాస్ట్‌ల్లోకి వెళ్లాను. వాటిలో చాలావాటికి పాఠం దొరకదు. అప్పుడు 20 సెకన్ల ముక్కను నేనే విని రాసుకుని, అందని చోట ఖాళీ వదిలి, టీచర్‌ని గానీ సహోద్యోగిని గానీ అడిగి నింపుకుంటాను. ఆ ఖాళీలు ఎంత చిన్న పదాలో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పెద్ద పదాలన్నీ రాసి ఉంటాయి. ఖాళీ ఉన్నది దాని, అక్కడ, దానివల్ల లాంటి అర్థాలిచ్చే ఒక్క అక్షరం పదాల దగ్గర.

ఈ సాధన ఏం ఇవ్వదో కూడా స్పష్టంగా చెప్పాలి. సొంతంగా వాక్యం కట్టడం ఇది నేర్పదు. వేరేవాళ్లు కట్టిన వాక్యం వెంట నడుస్తున్నాం అంతే. 40 సెకన్ల ముక్కను గడగడా అనగలిగినా, మన అభిప్రాయం అడిగితే నోరు తెరుచుకోకపోవచ్చు. అందుకని ప్రతి ముక్క నుంచి రెండు గుంపులు ఏరుకుంటాను. వార్తలోని సమాచారం కాదు, ఎక్కడైనా వాడుకోగల ముక్కలు. ష్వి పా దకోర్ అలాంటిది. సమస్య ఏమిటంటే అని మొదలుపెట్టే ల్ ప్రోబ్లెమ్ సే క్ మరోటి. ఆడియో ఆపేసి, అదే లయతో వాటి వెనక నా పనికి సంబంధించిన మూడు నాలుగు వాక్యాలు కడతాను: సర్వర్ ఆగిపోయింది, ఫైల్ ఇంకా రాలేదు, గడువు సరిపోదు. ఆ వారం కాల్‌లో వాటిలో ఒక్కటైనా వాడతాను. ఇలా వాడినవి నోట్లో నిలిచాయి, షాడోయింగ్‌లో మాత్రమే అన్నవి చాలావరకు జారిపోయాయి.

కెనడాకు వెళ్లే ఆలోచనతో టెఫ్ లేదా టీసీఎఫ్ పరీక్షలు రాసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఈ పద్ధతి గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లకు నేను చెప్పేది, వినే పరీక్షలో ప్రశ్నను పట్టుకోవడం, జవాబు ఎంచుకోవడం వేరే సాధన, దానికి నమూనా పేపర్లు చేయాల్సిందే. షాడోయింగ్ వల్ల వచ్చే లాభం, పదాలు గుర్తుపట్టడానికి పోయే శ్రమ తగ్గి, ప్రశ్న గురించి ఆలోచించడానికి తీరిక దొరకడం. ఒక హెచ్చరిక కూడా చెబుతాను. కెబెక్‌లో మాట్లాడే ఫ్రెంచ్ అచ్చులు, కుదింపులు పారిస్ ఫ్రెంచ్‌లా ఉండవు. మాంట్రియల్‌లో స్థిరపడాలనుకునేవాళ్లు నోటికి ఏదో ఒక ఉచ్చారణే అలవాటు చేసుకుని, చెవికి మాత్రం అక్కడి ఫ్రెంచ్ ప్రసార సంస్థ రేడియో-కెనడా ముక్కలు కూడా వినిపించడం మంచిది.

పని చేస్తోందా లేదా అన్నది నేను ఒక్క విషయంతో చూసుకుంటాను. షాడోయింగ్ చేయని కొత్త ముక్క తీసుకుని, పాఠం లేకుండా ఒకేసారి విని, అందినంత రాసి, పాఠంతో పోలుస్తాను. ఎన్ని పదాలు పోయాయన్నది కాదు, ఎలాంటి చోట పోయాయన్నది చూస్తాను. మొదట్లో గుంపులకు గుంపులే పోయేవి. ఇప్పుడు పోయేవి ఊరి పేర్లు, మనుషుల పేర్లు, పెద్ద అంకెలు. ఫ్రెంచ్ అంకెల్లో 70 నుంచి అరవై-పది, నాలుగు-ఇరవైలు అని లెక్క నడుస్తుంది కాబట్టి 97 విని అంకెగా మార్చుకునేలోపు తర్వాతి గుంపు వెళ్లిపోతుంది. అంకెలకు షాడోయింగ్ సరిపోలేదు. వాటిని విని వెంటనే అంకెల్లో రాసుకునే సాధన విడిగా పెట్టుకున్నాను.

ఇప్పుడు చేస్తున్నది ఇద్దరు మాట్లాడుకునే ముక్కలు. ఒకరి మాట మీద ఒకరు పడే చోట ఇద్దరినీ అనుసరించడం కుదరదు. అందుకని ఒకరినే ఎంచుకుంటాను. ఆ మనిషి మాట్లాడినప్పుడు వెంట మాట్లాడతాను, అవతలివాళ్లు మాట్లాడుతున్నప్పుడు నేను ఎంచుకున్న మనిషి మధ్యమధ్యలో అనే వ్వే, బాఁ, దకోర్ లాంటి చిన్న మాటలు మాత్రమే వాళ్లతో పాటు అంటాను. మర్నాడు అదే ముక్కలో రెండో మనిషిని తీసుకుంటాను. ఎదుటివాళ్ల మాట ఏ అక్షరం దగ్గర అయిపోవస్తోందో ముందే పసిగట్టి, ఖాళీ రాకముందే అందుకోవడం ఈ ముక్కల్లోనే సాధ్యమవుతోంది. లియాన్ కాల్స్‌లో నాకు ఇంకా కావలసింది కూడా అదే.